జవాబు ‘బి’ అని రాస్తే చాలదు

మొన్న వేసవిలో మా మందుల కంపెనీలో చేరిన బ్యాచ్‌లో ఒక కుర్రాడు ఇండక్షన్ పరీక్షలో 20కి 20 తెచ్చుకున్నాడు. రికార్డులు ఎలా ఉండాలో చెప్పే అల్కోవా అన్న మాటలో అయిదు ఇంగ్లీషు అక్షరాలూ దేనికి గుర్తో తడుముకోకుండా రాశాడు. తొమ్మిదో రోజు నేను ప్రొడక్షన్ బ్లాక్‌లోకి వెళ్లేసరికి ఆ కుర్రాడే రియాక్టర్ పక్కన నిలబడి, ఎడమచేతి గ్లవ్ మీద పెన్నుతో టెంపరేచర్లు రాసుకుంటున్నాడు. అప్పటికి మూడు రీడింగులు ఉన్నాయి గ్లవ్ మీద.

“ఇదేటి బాబూ?” అన్నాను.

“రికార్డు అవతల టేబుల్ మీదుంది మేడం. అక్కడికెళ్లేలోగా మర్సిపోతానేమోనని ఇక్కడ రాసుకుంటన్నాను. అరగంటకోపాలి వెళ్లి అన్నీ ఒక్కసారే ఎక్కించేత్తాను” అన్నాడు. దాచిపెట్టే ఉద్దేశం ఏ కోశానా లేదు. పైగా జాగ్రత్తగా పని చేస్తున్నానన్న ధీమాతో చెప్పాడు.

రీడింగ్ చూసిన క్షణంలోనే అసలు రికార్డులో రాయాలి. అల్కోవాలో సి అనే అక్షరానికి అర్థం అదే. పరీక్షలో ఆ అక్షరానికి ‘కంటెంపరేనియస్’ అని సరైన జవాబే గుర్తుపెట్టాడు. కానీ ఆ మాటకీ తన చేతిలో ఉన్న పెన్నుకీ సంబంధం ఉందని అతనికి తెలియదు. ఆ ప్రశ్న రాసింది నేనే. “అల్కోవాలో సి అంటే ఏమిటి?” అని అడిగి, నాలుగు ఇంగ్లీషు మాటలిచ్చాను. నేను అడిగినదానికి అతను సరిగ్గానే జవాబిచ్చాడు, కాబట్టి తప్పు నా ప్రశ్నదే. ఆ రోజునుంచి శిక్షణ స్లైడ్ల నుంచి అభ్యాస ప్రశ్నలు ఎలా తయారుచేయాలన్న దాని మీద నా అభిప్రాయం మారిపోయింది. ఆ మార్పు గురించే ఇది రాస్తున్నాను.

నేను పనిచేసేది పైడిభీమవరం పారిశ్రామికవాడలో, మందులకి ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో, నాణ్యత చూసే క్యూఏ విభాగంలో. రోజూ శ్రీకాకుళం నుంచి కంపెనీ బస్సులో ఎచ్చెర్ల, రణస్థలం మీదుగా వెళ్లొస్తాను. కొత్తగా చేరేవాళ్లు ఎక్కువమంది లావేరు, పొందూరు, చీపురుపల్లి వైపు పల్లెల వాళ్లు. కొందరు ఐటీఐ, కొందరు ఇంటర్, కొందరు బీఎస్సీ కెమిస్ట్రీ. చేరగానే రెండు రోజులు ఇండక్షన్. 58 స్లైడ్ల డెక్ ఒకటుంది, స్లైడ్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, మేం తెలుగులో చెబుతాం. మూడో రోజు పొద్దున అభ్యాస ప్రశ్నలు, ఆ సాయంత్రం అసలు పరీక్ష. అసలు పరీక్షలో 80 శాతం వస్తేనే లోపలికి పంపుతారు.

ప్రశ్నలు తయారుచేసే పద్ధతి చాలా చోట్ల ఒకటే. సాయంత్రం డెక్ తెరిచి కూర్చుంటాం. ఒక్కో స్లైడులో ఒక్కో పాయింటు తీసుకుని, అందులో ఒక మాట తీసేసి గీత పెడతాం. ఆ మాటకి పక్కన మరో మూడు మాటలు చేరుస్తాం. గంటలో 20 ప్రశ్నలు తయారు. చివర్లో “1 బి, 2 ఎ, 3 డి” అని ఒక వరస రాసి, అదే జవాబుల పట్టిక అనుకుంటాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే చేశాను. ఇలా చేసిన ప్రశ్న స్లైడు గుర్తుందా లేదా అని మాత్రమే కొలుస్తుంది. పని గురించి దానికేమీ తెలియదు.

ఇప్పుడు నా వాదన ఇది. ప్రశ్నతో కాదు, జవాబుతో మొదలుపెట్టాలి. జవాబు అంటే అక్షరం కాదు. సరైన పని ఏది, అది ఎందుకు సరైనది, పక్కనున్న ఒక్కో తప్పు జవాబూ ఎందుకు తప్పు, ఈ మాట ఏ స్లైడులో, పని ఎలా చేయాలో రాసిపెట్టిన ఏ ఎస్ఓపీలో ఉంది, ఇవన్నీ ముందు రాసుకోవాలి. ఇంత రాసుకున్నాక ప్రశ్న దానంతటదే వస్తుంది. ఇంత రాయలేకపోతే ఆ ప్రశ్న అడగడానికి మనం సిద్ధంగా లేమన్నమాట.

ఒక్క స్లైడు పట్టుకుని చెబుతాను. 31వ స్లైడు, రికార్డులో పడిన తప్పు దిద్దడం గురించి. అందులో ఉన్నది నాలుగే ముక్కలు. తప్పు మీద ఒకే గీత గీయాలి, కింద ఉన్నది చదవగలిగేలా ఉండాలి. సరైనది పక్కన రాయాలి. కారణం రాయాలి. సంతకం, తేదీ వేయాలి. కింద ఎర్ర అక్షరాల్లో వైట్నర్ వద్దు, అంకె మీద అంకె దిద్దవద్దు, పెన్సిల్ వద్దు అని ఉంటుంది. దీనిమీద నా పాత ప్రశ్న ఇలా ఉండేది:

తప్పుగా రాసిన అంకె మీద ________ గీయాలి.
ఎ) వైట్నర్ బి) ఒకే గీత సి) పెన్సిల్ డి) పైవేవీ కావు

దీనికి జవాబు చెప్పడానికి మందుల కంపెనీలో చేరనక్కర్లేదు. ‘గీయాలి’ అన్న క్రియ దగ్గరే జవాబు బయటపడిపోయింది. గీసేది గీతనే కదా, వైట్నర్‌ని ఎవరూ గీయరు. తెలుగులో ఖాళీలు పూరించే ప్రశ్నలకి ఈ ఇబ్బంది ఎక్కువ. వాక్యం చివర వచ్చే క్రియా, మాటకి అంటుకునే విభక్తీ రెండూ జవాబు వైపు వేలు చూపిస్తాయి. ఇంగ్లీషులో రాసుకుని తెలుగులోకి మార్చేటప్పుడు ఇది కళ్లబడదు, ఎందుకంటే అక్కడ ఖాళీ వాక్యం చివర ఉంటుంది. అందుకే ఇప్పుడు ఖాళీల ప్రశ్నలు పూర్తిగా మానేశాను.

ఆ ప్రశ్నకి బ్యాచ్ మొత్తం ప్రతిసారీ సరైన జవాబే రాసేది. అందరికీ వచ్చిందంటే బాగా నేర్పామని సంబరపడేదాన్ని. తర్వాత ఒక తయారీ బ్యాచ్ రికార్డు రివ్యూలో నాకు ఒక పేజీ ఎదురైంది. డ్రమ్ము బరువు ఒకచోట అంకెలు తారుమారై ఉంటే, నేనే 15వ తేదీన క్వెరీ కాగితం రాసి ప్రొడక్షన్‌కి పంపాను. పేజీ దిద్ది వెనక్కి వచ్చింది. ఒకే గీత, పక్కన సరైన అంకె, కారణం, సంతకం, అంతా స్లైడులో చెప్పినట్టే ఉంది. తేదీ మాత్రం 13. నేను 15న అడిగిన తప్పుని 13నే దిద్దినట్టు కాగితం చెబుతోంది.

దిద్దిన కుర్రాణ్ణి పిలిచి అడిగాను. “తప్పు జరిగింది పదమూడునే కదా మేడం, అందుకే పదమూడు వేశాను” అన్నాడు. అతని దృష్టిలో అందులో మోసం లేదు, తప్పు ఏ రోజుదో ఆ రోజు వేస్తే నిజాయితీ అనుకున్నాడు. కానీ బయటినుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఆ పేజీనీ, నా క్వెరీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే వెనక తేదీ వేశారంటాడు. ఆ తర్వాత ఆ రికార్డులో మిగతా తేదీలన్నిటినీ అనుమానిస్తాడు. స్లైడు తీసి మళ్లీ చదివాను. ‘సంతకం, తేదీ’ అని ఉంది. ఏ రోజు తేదీ అన్నది లేదు. చెప్పేవాళ్లం మాకు తెలుసు కాబట్టి ఆ లోటు ఎప్పుడూ కనబడలేదు. వినేవాళ్లకి తెలియదు కాబట్టి వాళ్లకి తోచింది నింపుకున్నారు.

పాత ప్రశ్నకి జవాబు ఎందుకు సరైనదో నేను అప్పుడే రెండు వాక్యాలు రాసి ఉంటే, ‘తేదీ’ అన్న మాట దగ్గర ఆగి ఉండేదాన్ని. జవాబు రాయబోతేనే స్లైడులో ఏం లేదో తెలుస్తుంది.

ఆ పేజీ ఆధారంగా కొత్త ప్రశ్న రాశాను. మొదటిసారి రాసినప్పుడు ఇలా ఉంది. 13వ తేదీ తెల్లవారుజామున బరువు 46.8 అని రాశారు, నిజానికి అది 48.6, 15వ తేదీన క్యూఏ వాళ్లు చూపించారు, ఎలా దిద్దుతారు? రాశాక జవాబు చెప్పకుండా ఇద్దరు అనుభవజ్ఞులకి ఇచ్చాను. ఈ పని ఇప్పుడు ప్రతి ప్రశ్నకీ చేస్తాను. మా ప్రొడక్షన్‌లో పాతికేళ్లుగా ఉన్న ఒక షిఫ్ట్ ఇన్‌చార్జి గారు ప్రశ్న చదివి కాగితం పక్కన పెట్టేశారు. “నిజానికి 48.6 అని మీకెవరు చెప్పారమ్మా? స్లిప్పు ఉందా?” అన్నారు.

ఆయన అడిగింది నిజం. తూకం యంత్రం నుంచి వచ్చిన స్లిప్పు రికార్డుకి అంటించి ఉంటే, దానికి తగ్గట్టు దిద్దవచ్చు. స్లిప్పు లేకపోతే రెండు రోజుల తర్వాత జ్ఞాపకంతో అంకె మార్చడం దిద్దడం కాదు, కల్పించడం. అప్పుడు సూపర్‌వైజర్‌కి చెప్పాలి, అక్కడినుంచి అది డీవియేషన్‌గా, అంటే పద్ధతి తప్పిన సంఘటనగా నమోదవుతుంది. అంటే నా ప్రశ్నకి రెండు సరైన జవాబులున్నాయి, ఏది సరైనదో నేను చెప్పని విషయం మీద ఆధారపడి ఉంది. ఇలాంటి ప్రశ్నలో ఎక్కువ తెలిసినవాడే ఎక్కువ తికమకపడతాడు. చివరికి ప్రశ్న ఇలా కుదిరింది:

రాత్రి షిఫ్టు. 13వ తేదీ తెల్లవారుజామున 2.10కి మీరు డ్రమ్ము తూచారు. స్లిప్పులో 48.6 కిలోలని ఉంది. స్లిప్పు రికార్డుకి అంటించి ఉంది. రికార్డులో మాత్రం మీరు 46.8 అని రాశారు. 15వ తేదీన క్యూఏ వాళ్లు ఆ పేజీ చూపించారు. మీరు ఏం చేస్తారు?
ఎ) 46.8 మీద ఒక గీత గీసి, పక్కన 48.6, కారణం రాసి, సంతకం చేసి 13వ తేదీ వేస్తాను.
బి) 46.8 మీద ఒక గీత గీసి, పక్కన 48.6, కారణం రాసి, సంతకం చేసి 15వ తేదీ వేస్తాను.
సి) కొత్త పేజీ తీసుకుని అంతా సరిగ్గా తిరగరాసి, సంతకం చేసి 15వ తేదీ వేస్తాను.

దీనికి జవాబుల కాగితంలో ఉన్నది ఇది:

సరైనది బి. దిద్దుబాటు పక్కన వేసే తేదీ, మీ చెయ్యి కాగితం మీద ఎప్పుడు పడిందో చెప్పడానికి. తూకం ఎప్పుడు జరిగిందో మొదటి నమోదు దగ్గర ముందే ఉంది, ఆ 13 ఎక్కడికీ పోదు. ఎ ఎంచుకున్నవాళ్లకి: గీత, కారణం, సంతకం అన్నీ సరిగ్గా చేశారు, తేదీ ఒక్కటే తప్పు. 15న చేసిన పనికి 13 వేస్తే అది వెనక తేదీ అవుతుంది. క్వెరీ కాగితం మీద 15 ఉంది కాబట్టి రెండు కాగితాలూ ఒకదాన్నొకటి కాదంటాయి. సి ఎంచుకున్నవాళ్లకి: పేజీ శుభ్రంగా కనబడాలనుకున్నారు. కానీ మొదట రాసిన కాగితమే అసలు రికార్డు. కొట్టివేత ఉన్న పేజీ తప్పు కాదు, తిరగరాసిన పేజీ తప్పు. గమనిక: స్లిప్పు లేకపోతే ఈ మూడూ వర్తించవు, సూపర్‌వైజర్‌కి చెప్పాలి. ఆధారం: స్లైడు 31, రికార్డుల దిద్దుబాటు ఎస్ఓపీ, దాని వెర్షన్ నంబరు.

ప్రశ్నకంటే జవాబు పెద్దది. అలాగే ఉండాలి అంటాను. ఎ, బి రెండూ తేదీ దగ్గర తప్ప ఒకటే అన్నది కూడా గమనించండి. కంగారులో ప్రశ్నలు రాసేటప్పుడు సరైన జవాబుకే జాగ్రత్తలన్నీ తగిలించి పొడుగ్గా రాస్తాం, తప్పు జవాబులు రెండు ముక్కల్లో తేల్చేస్తాం. చదువుకునే పిల్లలకి ఈ రహస్యం ఇంటర్‌లోనే తెలుసు. ఏమీ రాకపోతే పొడుగైనది పెట్టమని ఒకరికొకరు చెప్పుకుంటారు.

తప్పు జవాబులు ఎక్కడినుంచి తేవాలన్నది చాలామంది నన్ను అడిగే ప్రశ్న. ఊహించి రాయకూడదు. ఊహించిన తప్పు ఎవరూ చేయరు, కాబట్టి ఎవరూ ఎంచుకోరు. మా దగ్గరైతే రివ్యూ క్వెరీల ఫైలే గని. గత మూడు నెలల క్వెరీలు తిరగేస్తే కొత్తవాళ్లు నిజంగా చేసే తప్పులు వరసగా కనబడతాయి. పై ప్రశ్నలో ఎ, సి రెండూ అక్కడివే. అర్ధరాత్రి దాటాక తేదీ మార్చకుండా, షిఫ్టు మొదలైన రోజు తేదీనే వేస్తూ పోవడం అక్కడ కనబడిన మరో తప్పు. 12వ తేదీ రాత్రి డ్యూటీ ఎక్కినవాడికి ఉదయం దిగేదాకా అది పన్నెండే. దానిమీద ఏ స్లైడూ లేదు, కానీ ప్రశ్న ఉంది.

ఒక ప్రశ్నకి మూడు జవాబులే ఇవ్వడం మీద మా ట్రైనింగ్ మేనేజర్ గారు అభ్యంతరం చెప్పారు. నాలుగు ఉండాలి కదా, లేకపోతే గుడ్డిగా పెట్టి పాసైపోతారు అన్నారు. నిజంగా చేసే తప్పులు రెండే దొరికినప్పుడు మూడోది కల్పిస్తే అది ఎవరూ ముట్టుకోని అలంకారం అవుతుంది. దీనిమీద రోడ్రిగెజ్ అనే పరిశోధకుడు 80 ఏళ్ల పరిశోధనల్ని కలిపి చూసి, మూడు జవాబులు సరిపోతాయని 2005లో తేల్చాడు. గుడ్డిగా పెట్టడం గురించి మాత్రం మేనేజర్ గారి ముందే లెక్క వేశాను. 10 ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు జవాబులు, 8 వస్తే పాస్. ఏమీ తెలియనివాడు లాటరీలా పెడితే పాసయ్యే అవకాశం వెయ్యికి మూడో నాలుగో. ఆయన ఒప్పుకున్నారు.

ఆయన రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. పరీక్ష కష్టమైతే ఫెయిలయ్యేవాళ్లు పెరుగుతారు, లోపల మనుషులు లేక షిఫ్టులు ఆగుతాయి, ఆడిట్‌కి కావల్సింది ట్రైనింగ్ ఫైలులో పాసైన కాగితం అన్నారు. ఆయన ఇబ్బంది నాకు తెలుసు, షిఫ్టుకి ఇద్దరు తక్కువైతే ఏమవుతుందో రోజూ చూస్తున్నాను. కానీ ఆడిట్‌కి కావల్సింది కాగితం మాత్రమే అన్నది సరి కాదు. మందుల తయారీ ఎలా ఉండాలో చెప్పే ఐరోపా జీఎంపీ నియమాల రెండో అధ్యాయంలో శిక్షణ ఇస్తే చాలదు, అది పనిలో ఎంతవరకు పనికొస్తోందో ఎప్పటికప్పుడు బేరీజు వేయాలని స్పష్టంగా ఉంది. గ్లవ్ మీద రీడింగులు రాసుకునేవాడి ఫైలులో 20కి 20 ఉంటే, ఆ కాగితం మనకి అనుకూలంగా కాదు, ఎదురు సాక్ష్యం చెబుతుంది. పైగా నేను కష్టం చేయమంటున్నది అభ్యాస ప్రశ్నల్ని. అక్కడ తప్పుచేస్తే పోయేదేమీ లేదు. అక్కడ తప్పుచేసినవాడు సాయంత్రం పరీక్షలో, ఆ తర్వాత రియాక్టర్ దగ్గరా ఆ తప్పు చేయకుండా ఉండాలన్నదే ఉద్దేశం.

తేదీ ప్రశ్న మొదటిసారి ఇచ్చినప్పుడు బ్యాచ్‌లో దాదాపు సగం మంది ఎ పెట్టారు. పాత ప్రశ్నకి నూటికి నూరు తెచ్చుకున్న పాఠమే ఇది. ఆ రోజు ఆ ఒక్క ప్రశ్న మీద అరగంట మాట్లాడుకున్నాం. ఒకమ్మాయి లేచి, “అయితే మేడం, పదమూడున జరిగిందని ఎలా తెలుస్తాది?” అని అడిగింది. మొదటి నమోదు పక్కన తేదీ చూపించాను. “ఓ, అది అలగే ఉంటాది కదా” అంది. ఆ మాట తర్వాత క్లాసులో ఎవరికీ మళ్లీ చెప్పనక్కర్లేకపోయింది.

జవాబు కాగితంలో తప్పులకి కారణాలు రాయాలని నేను పట్టుబట్టడానికి మరో ఆధారం ఉంది. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పు జవాబు కూడా మనిషి చదువుతాడు. చదివి, అదే నిజమనుకుని ఎంచుకుంటాడు. తర్వాత ఎవరూ సరిదిద్దకపోతే, కొన్నాళ్లకి దాన్నే తనకి తెలిసిన విషయంగా గుర్తుంచుకుంటాడు. రోడిగర్, మార్ష్ అనే ఇద్దరు 2005లో ప్రయోగం చేసి ఇది చూపించారు. బట్లర్, రోడిగర్ 2008లో చేసిన ప్రయోగంలో, పరీక్ష తర్వాత సరైన జవాబు చెబితే ఆ నష్టం తగ్గి, లాభం పెరుగుతుందని తేలింది. మా పాత పద్ధతిలో కాగితాలు దిద్ది, మార్కు మాత్రం చెప్పి పంపేసేవాళ్లం. 80 దాటినవాడు తను తప్పుచేసిన ఆ రెండు ప్రశ్నలు ఏవో కూడా తెలియకుండా లోపలికి వెళ్లేవాడు. తప్పుల్ని మనమే ముద్రించి ఇచ్చి, మనమే సరిదిద్దకుండా వదిలేసినట్టు.

దీనితో పాటు జవాబులు బయటికి పొక్కడం అన్న గొడవ కూడా తీరింది. ఒకసారి సాయంత్రం బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు కొత్తవాళ్లు ఫోనులో ఒక ఫొటో చూసుకుంటున్నారు. మా అభ్యాస పరీక్ష జవాబుల వరస అది, “1 బి, 2 ఎ” అని. ముందు బ్యాచ్ వాళ్లు పంపించారు. మా విభాగంలో దీనిమీద చర్చ జరిగి, జవాబుల కాగితం తాళం వేసి పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. అక్షరాల వరస పొక్కితే నష్టం, ఎందుకంటే అందులో నేర్చుకోవడానికేమీ లేదు. కారణాలున్న జవాబులు పొక్కితే చదువుకోనివ్వండి, చదవాలనే కదా రాసింది. ఇప్పుడు అభ్యాస ప్రశ్నల జవాబులు నేనే ప్రింటు తీసి అందరికీ ఇస్తున్నాను, ఇంటికి పట్టుకెళ్లమంటున్నాను. సాయంత్రం అసలు పరీక్షలో అవే ప్రశ్నలు రావు. అదే సూత్రం మీద వేరే సంఘటనలు వస్తాయి. డ్రమ్ము బరువు బదులు పీహెచ్ రీడింగు, 15వ తేదీ బదులు సెలవునుంచి తిరిగొచ్చిన రోజు.

భాష గురించి కొంత చెప్పాలి. ఇంగ్లీషు డెక్ నుంచి ప్రశ్నలు తెలుగులోకి మారుస్తూ ఒకప్పుడు ‘కంటెంపరేనియస్’ని ‘సమకాలీన’ అని రాశాం. నిఘంటువు ప్రకారం తప్పు కాదు. కానీ “రికార్డు సమకాలీనంగా ఉండాలి” అంటే పొందూరు నుంచి వచ్చిన ఐటీఐ కుర్రాడికే కాదు, నాకూ అర్థం కాదు. ‘అప్పటికప్పుడు రాయాలి’ అంటే అందరికీ తెలుస్తుంది. అలాగని అన్నీ తెలుగు చేయనక్కర్లేదు. డీవియేషన్‌ని ‘విచలనం’ అంటే లోపల ఎవరూ వాడని మాట నేర్పినట్టవుతుంది. లోపల నోటితో ఏమంటారో ప్రశ్నలోనూ అదే ఉండాలి.

“కింది వాటిలో చేయకూడనిది ఏది?” అన్న తరహా ప్రశ్నలు కూడా మానేశాను. ఇంగ్లీషులో అయితే కాదన్న మాటని పెద్దక్షరాల్లో విడిగా చూపిస్తారు. తెలుగులో కాదన్నది క్రియ కడుపులో ఉంటుంది. చేయదగినది, చేయదగనిది. చేసిన, చేయని. రెండక్షరాల తేడా. పన్నెండు గంటల షిఫ్టు మనిషి వేగంగా చదివితే ఆ తేడా జారిపోతుంది. అప్పుడు మనం కొలిచింది అతని చూపుని, తెలివిడిని కాదు.

ఇక జవాబే తప్పయిన సందర్భం. ఇది జరిగితే ఎలా పసిగట్టాలో చెప్పడం అవసరం, ఎందుకంటే నాకు కొన్ని నెలలు పట్టింది. శుభ్రం చేసిన పరికరాన్ని ఎన్ని గంటల్లోపు వాడాలన్నది ఒక ప్రశ్న. డెక్‌లో 72 గంటలని ఉంది, జవాబు అదే పెట్టాం. ఏటా జరిగే రీట్రైనింగ్‌లో పాతవాళ్లకీ ఆ కాగితమే ఇచ్చాం. కొత్తవాళ్లందరికీ ఆ ప్రశ్న రైటు, పదేళ్లుగా పనిచేస్తున్నవాళ్లలో చాలామందికి తప్పు. మొదట పాతవాళ్లు మర్చిపోయారనుకున్నాను. వాళ్లు పెట్టిన జవాబు చూస్తే అందరూ ఒకటే పెట్టారు, 48. మర్చిపోయినవాళ్లు తలో జవాబు పెడతారు, అందరూ కలిసి ఒకే తప్పు చేయరు. ఎస్ఓపీ తీసి చూస్తే, దాన్ని సవరించి 48 చేశారు, డెక్ మాత్రం మారలేదు. కొత్తవాళ్లు పాత స్లైడు నుంచి నేర్చుకున్నారు, పాతవాళ్లు రోజూ వేలాడదీసే లేబుల్ నుంచి.

అప్పటినుంచి రెండు పనులు చేస్తున్నాను. జవాబుకి ఆధారం స్లైడు నుంచి కాకుండా అమల్లో ఉన్న ఎస్ఓపీ నుంచి తీసుకుని, వెర్షన్ నంబరుతో సహా రాస్తాను. ఎస్ఓపీ మారినప్పుడు ఆ నంబరుతో వెతికితే ఏ ప్రశ్నలు మార్చాలో వెంటనే తెలుస్తుంది. రెండోది, ఏ ప్రశ్నలోనైనా బాగా తెలిసినవాళ్లు తప్పుచేసి తెలియనివాళ్లు రైటు చేస్తే, మనుషుల్ని కాక జవాబుని అనుమానిస్తాను. పరీక్షల శాస్త్రం తెలిసినవాళ్లు దీన్ని పెద్ద సంఖ్యల మీద సూచికలు కట్టి లెక్కిస్తారు. ఇరవైమంది బ్యాచ్‌కి ఆ లెక్కలు నిలబడవు. ఏ జవాబు ఎంతమంది పెట్టారు, వాళ్లెవరు అని చేత్తో గీతలు గీసుకుని చూస్తే చాలు.

ఈ పద్ధతికి అందని స్లైడ్లూ ఉన్నాయి. గౌనింగ్, అంటే లోపలికి వెళ్లేముందు ప్రత్యేక దుస్తులు వేసుకోవడం, చేతులు కడుక్కోవడం లాంటివాటికి ఎంత మంచి ప్రశ్న రాసినా దండగే. అవి పక్కన నిలబడి చూడాల్సినవి. 58 స్లైడ్లలో ప్రశ్నకి పనికొచ్చేవి సగం కూడా ఉండవు. గతంలో పనికిరాని స్లైడ్ల మీద కూడా బలవంతంగా రాసేవాళ్లం, కంపెనీ పుట్టిన ఏడాదేదో కూడా అడిగేవాళ్లం. ఇప్పుడు అభ్యాసానికి 12 ప్రశ్నలే. ఒక్కోటి తయారవడానికి నాకు గంటన్నర పడుతోంది. వారం తర్వాత, వాళ్లు లోపల పని మొదలుపెట్టాక, అందులో ఆరు మళ్లీ ఇస్తాను.

గ్లవ్ ప్రశ్న అందులో ఒకటి. రీడింగ్ చూశారు, రికార్డు అవతల టేబుల్ మీద ఉంది, ఏం చేస్తారు అని. దీని జవాబు రాయబోతూ నేను చాలాసేపు ఆగిపోయాను. రికార్డులో అప్పుడే రాయాలి అని రాయడం తేలికే. కానీ రియాక్టర్ దగ్గర రికార్డు పెట్టుకునే చోటే లేదు, టేబుల్ పదిహేను అడుగుల అవతల ఉంది. ఆ కుర్రాడు గ్లవ్ మీద రాయడానికి కారణం అదే. చేయడానికి వీలుకాని పనిని సరైన జవాబని ముద్రించడం నాకు ఇష్టంలేకపోయింది. ప్రొడక్షన్ వాళ్లతో మాట్లాడితే, రియాక్టర్ స్టాండుకి రికార్డు నిలబెట్టే స్టీలు పలక ఒకటి బిగించారు. ప్రశ్న ఆ తర్వాతే వాడాను.

31వ స్లైడు కూడా మారింది. ‘సంతకం, తేదీ’ అన్నచోట ఇప్పుడు ‘సంతకం, దిద్దిన రోజు తేదీ’ అని ఉంది. అంచేత తేదీ ప్రశ్న పాతబడింది, పోయిన బ్యాచ్‌లో ఎ ఎవరూ పెట్టలేదు. స్లిప్పు లేని డ్రమ్ము మీద కొత్త ప్రశ్న రాస్తున్నాను. రెండు తప్పు జవాబులు క్వెరీల ఫైలులో దొరికాయి, ఇన్‌చార్జి గారికి చూపించడానికి రేపు బ్లాక్‌లోకి వెళ్లాలి.